"మెయిల్ పంపాం" అంటుంది, మెయిల్ మాత్రం రాదు

ఏళ్ల తరబడి వాడుతున్న గేమింగ్ ఖాతా ఇది. ఆట బాగుంటుంది, సర్వర్లూ ఫర్వాలేదు, వాటి జోలికి వెళ్లను. నా గొడవంతా పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు వచ్చే ఒక్క స్క్రీన్‌తోనే. మెయిల్ ఐడీ సరిగ్గా కొట్టినా, తప్పు కొట్టినా, ఆ ఐడీతో అసలు ఖాతాయే లేకపోయినా అది చెప్పేది ఒకే మాట: ఖాతా ఉంటే మెయిల్ పంపాం, చూసుకోండి. ఎవరికి ఖాతా ఉందో దొంగలు కూపీ లాగకూడదని చేసిన ఏర్పాటు అది. భద్రత విషయంలో దీన్ని ఎప్పుడూ మెచ్చుకునేవాణ్ణే. కాకపోతే ఆ గోప్యతకు మూల్యం చెల్లించేది అసలు ఖాతాదారే.

స్పామ్ ఫోల్డర్ చూడమని అందరూ చెప్తారు. జీమెయిల్‌లో అయితే ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు, వెతికే చోట ఇది కొడితే చాలు:

```
in:anywhere newer_than:1d
```

స్పామ్, ట్రాష్‌తో సహా ఒక రోజులో వచ్చినవన్నీ బయటపడతాయి. ఇక్కడ కూడా లేదంటే మెయిల్ ఇంకా దారిలో ఉండాలి, లేదా మీ పెట్టెకు బయల్దేరనే లేదు.

దారిలో ఆలస్యమైతే లింకు చచ్చి వస్తుంది. ఆలస్యం ఎవరిదో తేల్చడం తేలికే. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కితే పైన `Created at` అని ఒక టైమూ, పక్కనే `Delivered after` అని సెకన్లూ ఉంటాయి. మీరు రీసెట్ నొక్కింది రాత్రి 9:02కి అనుకుందాం. `Created at` 9:03 అని ఉండి, `Delivered after 1380 seconds` అని ఉంటే, మెయిల్ వెంటనే తయారైంది, చేరడానికి మాత్రం 23 నిమిషాలు పట్టింది. లింకు గడువు పావుగంటే అయితే అది పనికిరాదు. అలా కాకుండా `Created at` దగ్గరే 9:25 ఉంటే మీ మెయిల్ కంపెనీ తప్పేమీ లేదు, గేమ్ వాళ్ల క్యూలోనే నానింది. కాలేజీ, ఆఫీసు ఐడీలకు ఇంకో పేచీ ఉంది. కొత్త చోటినుంచి వచ్చే మెయిల్‌ను కొన్ని సర్వర్లు మొదటిసారి కావాలనే వెనక్కి పంపి, మళ్లీ వస్తేనే తీసుకుంటాయి.

ఈలోగా ఓపిక పట్టలేక రీసెట్ మళ్లీ మళ్లీ నొక్కితే పని ఇంకా చెడుతుంది. చాలాచోట్ల కొత్త లింకు పుట్టగానే పాతది రద్దవుతుంది. జీమెయిల్ ఒకే సబ్జెక్టు ఉన్న మెయిళ్లను ఒక దొంతరగా పేరుస్తుంది కాబట్టి పాత లింకు మీద వేలు పడుతుంది. ఒకసారి నొక్కాక, మళ్లీ నొక్కేముందు అరగంట ఆగండి. మెయిల్ రాగానే దొంతరలో అన్నిటికంటే కింద ఉన్నదే తెరవండి.

అసలు బయల్దేరని మెయిల్‌కు మొదటి కారణం ఖాతా తెరిచిన నాటి అక్షర దోషం. `gmial.com` అనో, చివర `.con` అనో పడి, ధ్రువీకరణ అడగకుండానే ఆడనిచ్చి ఉంటే, ఆ తప్పు ఐడీయే ఖాతాకు అంటుకుని ఉంటుంది. ఇప్పుడు మీరెంత సరిగ్గా కొట్టినా లాభం లేదు. చుక్కలతోనూ ఇదే తంటా: జీమెయిల్‌కు పేరులో చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే, గేమ్ సర్వర్‌కు అవి రెండు వేర్వేరు ఐడీలు కావచ్చు. పాత ఫోన్లోనో కన్సోల్‌లోనో ఇంకా లాగిన్ అయి ఉంటే సెట్టింగుల్లో ఐడీ సగం దాచి చూపిస్తుంది, @ తర్వాత భాగాన్ని అక్షరం అక్షరం చూడండి. ఆ లాగిన్‌ను మాత్రం పొరపాటున కూడా తీయకండి.

రెండో కారణం ఎవరికీ తట్టదు. గేమ్ కంపెనీలు మెయిళ్లను సాధారణంగా అమెజాన్ ఎస్‌ఈఎస్, సెండ్‌గ్రిడ్ లాంటి సేవల ద్వారా పంపుతాయి. ఒక ఐడీకి పంపిన మెయిల్ "ఈ ఐడీ లేదు" అని తిరిగొస్తే, లేదా అందుకున్నవాళ్లు స్పామ్ అని ఫిర్యాదు చేస్తే, ఆ ఐడీ ఇక పంపకూడని జాబితాలోకి, అంటే సప్రెషన్ లిస్టులోకి వెళ్లగలదు. యాహూ, హాట్‌మెయిల్ వాళ్లు ఆ ఫిర్యాదును పంపినవాళ్లకు చేరవేస్తారు. ఆఫర్ల మెయిళ్లతో విసిగి ఎప్పుడో నొక్కిన స్పామ్ బటన్ ఇవాళ రీసెట్ మెయిల్‌ను ఆపేయగలదన్నమాట. మన వైపునుంచి దీనికి మందు లేదు. సపోర్టుకు రాసేటప్పుడు "మెయిల్ రాలేదు" అని వదిలేస్తే స్పామ్ చూడమనే జవాబే వస్తుంది. నొక్కిన తేదీ, టైము ఇచ్చి, "నా ఐడీ మీ సప్రెషన్ లిస్టులో ఉందేమో చూసి తీసేయండి" అని అడగండి.

నాకు ఈ ఖాతాలో కొన్నవి చాలా ఉన్నాయి కాబట్టి వదులుకోలేను, అందుకే ఇంకా ఉన్నాను. ఫోన్ నంబరో గూగుల్ లాగినో జతచేసుకున్నవాళ్లకు ఈ స్క్రీన్‌తో పెద్దగా పని పడదు. పాత యాహూ ఐడీ ఒక్కదాని మీదే ఆధారపడినవాళ్లు మాత్రం, లాగిన్ ఉన్నప్పుడే ఐడీ మార్చుకుని ఒక రీసెట్ మెయిల్ తెప్పించి చూసుకోవడం మంచిది.