రుషికొండలో సదస్సు, దువ్వాడలో దిగే అతిథి: విశాఖ పికప్‌ల లెక్క

రుషికొండలో శనివారం ఉదయం 9:30కి మొదలయ్యే రెండు రోజుల సదస్సు అనుకుందాం. ఊరి బయట నుంచి వచ్చేవాళ్ళు 43 మంది. వాళ్ళ కోసం ఎన్ని బళ్ళు మాట్లాడాలి, ఏది ఎక్కడ ఏ టైముకి నిలబడాలి అన్నది ఈ లెక్క. సమస్య బళ్ళ సంఖ్యలో ఉందనుకుంటారు గానీ చాలావరకు రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఉంటుంది.

'ఎక్కడికి వస్తున్నారు?' అని ఖాళీ గడి వదిలేస్తే సగం మంది 'వైజాగ్' అని రాసి ఊరుకుంటారు. ఆ ఒక్క మాటలో విశాఖపట్నం స్టేషన్, దువ్వాడ, ఎయిర్‌పోర్టు, ద్వారకా బస్ స్టేషన్, మద్దిలపాలెం, గాజువాకలో ప్రైవేటు బస్సు ఆగే చోటు అన్నీ దాక్కుంటాయి. అందుకే ఎంచుకునే జాబితా పెట్టాలి. వీటిలో మనల్ని ఎక్కువగా దెబ్బతీసేది దువ్వాడ. విజయవాడ వైపు నుంచి వచ్చి ఒడిశా వైపు సాగిపోయే బండి విశాఖ స్టేషన్‌కి వస్తే అక్కడ ఇంజన్ అటు నుంచి ఇటు మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ తిప్పలు లేకుండా కొన్ని రైళ్ళు విశాఖలోకి రాకుండానే దువ్వాడ మీదుగా వెళ్ళిపోతాయి. టికెట్టు మీద దువ్వాడ అని ఉన్నా, మనిషి మనసులో మాత్రం 'వైజాగ్‌లో దిగుతున్నా' అనే ఉంటుంది. దువ్వాడ నుంచి రుషికొండ దాదాపు ముప్పై కిలోమీటర్లు, విశాఖ స్టేషన్ నుంచి అందులో సగం. కాబట్టి ఫారంలో రైలు నంబరు తప్పనిసరి చేసి, ఆ నంబరు రైల్వే వాళ్ళ రైళ్ళ సమాచార సైటు NTESలో కొట్టి, ఆగే స్టేషన్లలో విశాఖ కోడ్ VSKP ఉందా, దువ్వాడ కోడ్ DVD మాత్రమే ఉందా అని ఒక మనిషి కూర్చుని చూడాలి. నలభై మందికి అరగంట పని.

అలా చూసేటప్పుడే రెండో తప్పు కూడా దొరుకుతుంది. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి శనివారం తెల్లవారి దిగేవాళ్ళు చేరే తేదీ గడిలో శుక్రవారం వేస్తారు, ఎందుకంటే టికెట్టు మీద పెద్దగా కనిపించేది ఎక్కే తేదీ. అలాగే '12:20' అని రాస్తే అది మధ్యాహ్నమో అర్ధరాత్రో తెలియదు. తేదీ, టైము ఒకే గడిలో 24 గంటల పద్ధతిలో తీసుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

బండి చేరే టైము వేరు, మనిషి సామానుతో కారు దగ్గరకి వచ్చే టైము వేరు. షెడ్యూలు రెండోదాని మీద వేయాలి. విశాఖ స్టేషన్‌లో 20 నిమిషాలు, దువ్వాడ చిన్న స్టేషన్ కాబట్టి 15, ఎయిర్‌పోర్టులో బెల్టు మీద సామాను తీసుకుని బయటపడటానికి 35 కలుపుకుంటే సరిపోతుంది. షీటులో B గడిలో చోటు కోడ్, C గడిలో చేరే టైము ఉంటే, ఎయిర్‌పోర్టు కోడ్ VTZ కాబట్టి:

```
=C2+IF(B2="VTZ",35,IF(B2="VSKP",20,15))/1440
```

ఈ కొత్త గడి ప్రకారం వరస పెట్టి, ఒకే చోట అరగంట లోపు సిద్ధమయ్యేవాళ్ళని ఒక గుంపుగా కట్టాలి. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాణ్ణి అరగంటకి మించి నిలబెడితే యాప్‌లో క్యాబ్ పిలుచుకుని వెళ్ళిపోతాడు. మన బండి ఖాళీ సీటుతో అతని కోసం చూస్తూ ఉంటుంది.

మన 43 మందిని ఇలా కడితే విశాఖ స్టేషన్‌లో 22 మంది తేలారు: 6:20కి 11 మంది, 7:20కి నలుగురు, 8:10కి ఏడుగురు. దువ్వాడలో 5:25కి ఐదుగురు. ఎయిర్‌పోర్టులో 8:15కి ముగ్గురు, 9:10కి ఐదుగురు. ప్రైవేటు బస్సుల్లో ఎనిమిది మంది.

బళ్ళ సీట్లు లెక్కపెట్టేటప్పుడు సామాను మరవకూడదు. 12 సీట్ల టెంపో ట్రావెలర్‌లో ట్రాలీ బ్యాగులతో హాయిగా పట్టేది తొమ్మిది, పది మందే. కాబట్టి 11 మంది గుంపుకి 17 సీట్లది తీసుకోవాలి. ఇన్నోవాలో వెనక వరస వాడితే డిక్కీ మిగలదు. ఒక సీటు మడిచి ఐదుగురు, బ్యాగులు అంటే సరి. సెడాన్‌లో నలుగురు కూర్చోగలరు నిజమే, కానీ సీఎన్‌జీ కారు అయితే డిక్కీలో సగం సిలిండరే. సామానుతో ఇద్దరు, కష్టపడితే ముగ్గురు. ట్రావెల్స్ వాళ్ళని 'సీఎన్‌జీయా, డీజిలా?' అని అడగకుండా సెడాన్ ఒప్పుకోవద్దు.

ఇప్పుడు ట్రావెలర్ సంగతి. 6:20కి స్టేషన్‌లో బయల్దేరితే పొద్దున పూట 45 నిమిషాల్లో, అంటే 7:05కి రుషికొండ. దించడానికి పది నిమిషాలు. తిరిగి స్టేషన్‌కి ఎనిమిదికి వస్తుంది, 8:10 గుంపుని ఎక్కించుకుని తొమ్మిది లోపు వేదిక దగ్గర ఉంటుంది. ఒకే బండి, రెండు ట్రిప్పులు, 18 మంది. డ్రైవర్‌కి ఒక మాట చెప్పాలి: తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో కొంత మేర నడకకి వచ్చేవాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు. సముద్రం చూపిద్దామని అటు తిప్పకుండా మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా రమ్మనాలి.

కాగితం మీద ఇన్నోవా కూడా ఇంతే అందంగా కుదురుతుంది. 5:25కి దువ్వాడలో ఐదుగురిని ఎక్కించుకుంటే 6:30కి రుషికొండ, 7:20 కల్లా స్టేషన్‌లో నలుగురు, వాళ్ళని దించి 9:10కి ఎయిర్‌పోర్టులో ఐదుగురు. మూడు పనులు, ఒక బండి. ఆశపడేది ఇక్కడే. దువ్వాడ రైలు నలభై నిమిషాలు లేటైతే ఆ నలభై స్టేషన్‌లో నలుగురి మీద పడుతుంది, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు మీదకి దొర్లుతుంది. పైగా దూరం నుంచి వచ్చి దాటిపోయే రైళ్ళలో లేటు మామూలే. మా తీర్పు: దూరపు రైలుని గొలుసులో మొదటి లంకెగా ఎప్పుడూ పెట్టవద్దు. దువ్వాడకి వెళ్ళిన ఇన్నోవాని ఆ తర్వాత నేరుగా 9:10 ఎయిర్‌పోర్టుకే కట్టాలి, అప్పుడు మధ్యలో దాదాపు గంటన్నర ఊపిరి ఉంటుంది. స్టేషన్‌లో ఆ నలుగురికి 7:20కి ఒక ఎర్టిగా. దించాక అదే ఎర్టిగా ఎయిర్‌పోర్టులో 8:15 ముగ్గురికి పనికొస్తుందా అంటే, రాదు. 8:05కి రుషికొండలో ఉన్న బండి ఎయిర్‌పోర్టుకి చేరేసరికి తొమ్మిది అవుతుంది. ఆ ముగ్గురికి యాప్ క్యాబే మేలు, బిల్లు చూపిస్తే డబ్బు ఇచ్చేస్తామని ముందే చెప్పాలి. ఎయిర్‌పోర్టు దగ్గర పగటి పూట క్యాబ్ దొరకడం పెద్ద కష్టం కాదు. దువ్వాడలో తెల్లవారి ఐదున్నరకి మాత్రం ఆ ధైర్యం చేయవద్దు.

9:10కి ఎయిర్‌పోర్టులో సిద్ధమయ్యే ఐదుగురు ఎలా చూసినా పది దాటాకే హాలులో ఉంటారు. దీనికి బండి మందు కాదు. అందులో వక్త ఎవరైనా ఉంటే అతని ప్రసంగాన్ని వెనక్కి జరపాలి. లేదంటే ముందు రోజు విమానం తీసుకోమనాలి.

రైలు లేటుని ఎలా పట్టుకోవాలన్నది మరో సంగతి. విశాఖలో ఆగిపోయే రైళ్ళకి దువ్వాడ నుంచి విశాఖ దాకా టైంటేబుల్లో బాగా వెసులుబాటు ఇస్తారు. అనకాపల్లిలో అరగంట లేటున్న బండి విశాఖకి టైముకే రావచ్చు. ఇంకోవైపు ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఊరి బయట నిలిచిపోనూవచ్చు. అందుకని అనకాపల్లిలో చూపించే లేటుని చూసి డ్రైవర్‌ని ఆపేయవద్దు. దువ్వాడ దాటింది అని కనిపించినప్పుడు బండి స్టేషన్ దగ్గర ఉంటే చాలు.

ఇంకా స్టేషన్‌కి రెండు వైపులా గేట్లున్నాయి: ఒకటో ప్లాట్‌ఫాం వైపు మెయిన్ గేటు, వెనక జ్ఞానాపురం వైపు. ఎనిమిదో ప్లాట్‌ఫాంలో దిగినవాళ్ళకి సహజంగా జ్ఞానాపురం గేటు దగ్గర. మనవాళ్ళలో నలుగురు ఇటు, ఏడుగురు అటు బయటపడితే, బండి చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పోతుంది. సందేశంలో 'స్టేషన్ బయట' అని రాయకుండా 'ఏ ప్లాట్‌ఫాంలో దిగినా వంతెన ఎక్కి ఒకటో ప్లాట్‌ఫాం వైపు మెయిన్ గేటుకే రండి' అని రాయాలి. పెద్దవాళ్ళు ఉంటే ఫారంలోనే అడిగి, వాళ్ళకి కోచ్ నంబరు తీసుకుని ఒక వాలంటీర్‌ని లోపలికి పంపడం మంచిది.

ప్రైవేటు బస్సుల ఎనిమిది మందికి బండి కట్టడం డబ్బు దండగ. బస్సు ఏ గంటకి వస్తుందో వాళ్ళకే తెలియదు, ఎక్కడ దింపుతుందో డ్రైవర్ దయ. బస్సు అక్కడి దాకా వెళ్ళేదైతే మద్దిలపాలెంలో దిగమనండి, గాజువాకలోనో ఎన్‌ఏడీ దగ్గరో కాదు. అక్కడి నుంచి రుషికొండకి క్యాబ్ చవక. ఖర్చు వద్దనుకునేవాళ్ళకి రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఉంది, పెద్ద పెట్టెలుంటే మాత్రం అది సలహా కాదు.

బస విషయంలో కూడా ఈ టైములే నిర్ణయించాలి. సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం బయల్దేరే వందే భారత్ రాత్రి పదకొండు దాటాక విశాఖ చేరుతుంది. అప్పుడు ఇద్దరు ముగ్గురి కోసం రుషికొండ దాకా బండి తోలడం కంటే ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల గది ఇచ్చి, పొద్దున 8:10 ట్రావెలర్‌లో ఎక్కించుకోవడం మేలు. ఏడుగురికి మరో ముగ్గురు కలిసినా 17 సీట్లలో చోటుంటుంది. తెల్లవారి దిగేవాళ్ళకి మరో చిక్కు: రుషికొండ వైపు హోటళ్ళలో చెక్ఇన్ మధ్యాహ్నానికి. ఏడు గంటలకి చేరినవాళ్ళు స్నానం ఎక్కడ చేస్తారు? ముందు రోజు రాత్రి నుంచే ఆడవాళ్ళకి ఒకటి, మగవాళ్ళకి రెండు గదులు తీసి ఉంచాలి. స్టేషన్ దగ్గర లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల చెక్ఇన్ ఉంటుంది, ఆ సౌకర్యం సముద్రం ఒడ్డున ఆశించవద్దు.

అద్దె మాట్లాడేటప్పుడు ఎక్కువమంది చెప్పేది 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ. మన ట్రావెలర్ రెండు ట్రిప్పులకీ తిరిగేది 45 కిలోమీటర్లే. కానీ మీటరు షెడ్డు నుంచి షెడ్డుకి తిరుగుతుంది. షెడ్డు గాజువాకలో ఉంటే రానూపోనూ కలిపి 80కి ఆనుకుంటుంది, ఆ పైన ప్రతి కిలోమీటరుకీ విడిగా. మద్దిలపాలెం, ఎంవీపీ వైపు షెడ్డున్న వాళ్ళని వెతకండి. దువ్వాడ ఇన్నోవాకి మాత్రం గాజువాక షెడ్డే కలిసొస్తుంది. నాలుగున్నరకి బయల్దేరాలంటే నైట్ బత్తా అడుగుతారు, పార్కింగ్, టోల్ ఎవరివో కూడా ముందే రాసుకోవాలి.

శుక్రవారం సాయంత్రం డ్రైవర్లకి పంపే కాగితంలో ట్రిప్పుకి ఒక వరస చాలు: బయల్దేరే టైము, గేటు, రైలు నంబరు, పేర్లు, ఫోన్లు, ఎంత సేపు ఆగాలో. ఆఖరిది మరిచిపోతారు. 'సిద్ధమయ్యే టైము తర్వాత 25 నిమిషాలు ఆగి, వచ్చినవాళ్ళతో కదలాలి, మిగిలినవాళ్ళ పేర్లు కోఆర్డినేటర్‌కి చెప్పాలి' అని లేకపోతే, ఫోన్ ఎత్తని ఒక్కడి కోసం పదిమంది బండిలో చెమటలు కారుస్తూ కూర్చుంటారు. అదే కాగితం ప్రయాణికులకి కూడా పంపాలి, బండి నంబరుతో సహా.

తిరుగు ప్రయాణానికి లెక్క వెనక నుంచి. ఆదివారం సాయంత్రం 7:30కి దువ్వాడలో రైలు అంటే 7:00కి అక్కడ ఉండాలి. సాయంత్రం మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక రద్దీ దాటడానికి గంటన్నర వేసుకుంటే 5:30కి రుషికొండలో బండి కదలాలి. కార్యక్రమం ఐదింటికి ముగియకపోతే ఆ ఐదుగురూ ముగింపు సభ మధ్యలోంచి లేస్తారు. వాళ్ళని మొదటే తలుపు దగ్గర వరసలో కూర్చోబెట్టి, సామాను మధ్యాహ్న భోజనం టైములోనే బండిలో వేయించాలి.