ఏజీఎం నోటీసు: పొట్టిగా రాయాలా, పూర్తిగా రాయాలా?

ఆడిట్ పూర్తవగానే తెలిసిన అపార్ట్‌మెంట్ సెక్రటరీలు నన్ను అడిగేది ఒకటే. ఏజీఎం నోటీసులో అజెండా నాలుగు ముక్కల్లో రాస్తే చాలదా, తీర్మానం మొత్తం రాయాలా అని.

నాలుగు ముక్కలంటే ఇలా: "1. జమాఖర్చుల ఆమోదం. 2. ఆడిటర్ నియామకం. 3. కమిటీ ఎన్నిక. 4. మెయింటెనెన్స్ విషయం. 5. అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు." పది నిమిషాల పని. మొదటి మూడూ ఏటా ఉండేవే కాబట్టి ఆడిట్ లెక్కలు జత చేస్తే ఇంతే చాలు.

చిక్కంతా నాలుగోదానితోనే. మేమూ ఒకసారి "మెయింటెనెన్స్ విషయం" అని రాసి ఊరుకున్నాం. మీటింగ్‌లో చదరపు అడుగుకు రూ.2.50 ఉన్నదాన్ని రూ.3 చేశాం. 1,200 అడుగుల ఫ్లాట్‌కు నెలకు రూ.3,000 కాస్తా రూ.3,600 అయింది. మీటింగ్‌కు రాని ఓనర్లు కొందరు "పెంపు అని ఎక్కడ రాశారండీ? తెలిస్తే వచ్చేవాళ్లం కదా" అంటూ పాత లెక్కే కట్టారు. మా దగ్గర జవాబు లేదు. మళ్లీ మీటింగ్ పెట్టాల్సి వచ్చింది.

రెండోసారి ఇలా రాశాం: "మెయింటెనెన్స్‌ను చదరపు అడుగుకు రూ.2.50 నుంచి, రూ.3కు మించకుండా, అక్టోబర్ 1 నుంచి పెంచుటకు తీర్మానం. కారణం: సెక్యూరిటీ జీతాలు, లిఫ్టు ఏఎంసీ పెరగడం." ఇందులో కీలకం "మించకుండా" అన్న మాట. సభలో ఎవరైనా రూ.2.75 చాలంటే అక్కడికక్కడే సవరించుకోవచ్చు. రూ.3.25 అంటే మాత్రం కుదరదు, రానివాళ్లకు చెప్పింది మూడే కదా. పూర్తి నోటీసుతో నష్టమూ ఉంది: మూడు వారాలు వాట్సాప్ గ్రూపులో రచ్చే. అయినా నా ఓటు దీనికే. డబ్బు, బైలా సవరణ ఉన్న అంశాలకైనా ఇలా రాయండి. "ఇతర విషయాలు" కింద చర్చ పెట్టుకోండి గానీ తీర్మానం వద్దు.

గడువు మీ బైలాలో ఎంతుందో చూడండి. 21 పూర్తి రోజులు అని ఉంటే నోటీసు అందిన రోజు, మీటింగ్ రోజు రెండూ లెక్కలోకి రావు. 2025 ఆగస్టు 24 ఆదివారం మీటింగ్ అయితే నోటీసు ఆగస్టు 2కల్లా చేతికి అందాలి. 3న పంచితే ఒక రోజు తక్కువ. కంపెనీల చట్టంలోనూ లెక్క ఇదే. పోస్టులో వేస్తే చేరడానికి ఇంకో రెండు రోజులు కలుపుకోండి.

వేదిక దగ్గర "అపార్ట్‌మెంట్ ఆవరణ" అని వదిలేయకండి. "బి బ్లాక్ సెల్లార్, ఉదయం 10.30" అని రాయండి. కోరం లేకపోతే అరగంట తర్వాత అక్కడే జరపొచ్చని బైలాలో ఉంటే ఆ ముక్క కూడా నోటీసులోనే చేర్చండి.

వాట్సాప్‌లో మాత్రమే పెడితే సరిపోతుందా అంటే, గుర్తు చేయడానికి పనికొస్తుంది, అంతే. బైలా ఒప్పుకోనంతవరకూ కాగితం ఇచ్చి రిజిస్టర్‌లో సంతకం తీసుకోవడమే.