పుట్ రేషియోనా, మామూలు స్ప్రెడ్డా, అడుగున ఇంకో పుట్ కొన్న రేషియోనా: 2024 జూన్ 4 లాంటి రోజున ఏది మేలు?

రేషియో స్ప్రెడ్ అంటే ఒక ఆప్షన్ కొని, అంతకంటే దూరపు స్ట్రైక్‌లో రెండు అమ్మడం. ట్రేడర్లు దీన్ని ఇష్టపడటానికి కారణం ఒక్కటే. జేబులోంచి ప్రీమియం పోదు, ఎదురు మనకే నాలుగు రూపాయలు మిగులుతాయి. పైగా స్క్రీన్ మీద పేరులో 'స్ప్రెడ్' అని ఉంటుంది కాబట్టి రిస్క్‌కి హద్దు ఉందనిపిస్తుంది. నిజానికి అమ్మిన రెండింటిలో ఒకదానికే కొన్నది అండగా ఉంటుంది. రెండోది పూర్తిగా నేకెడ్.

గాలిలో మాట్లాడే కంటే 2024 ఎన్నికల ఫలితాల వారం తీసుకుందాం. జూన్ 3 సోమవారం నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. మర్నాడు ఫలితాలు, గురువారం 6న వీక్లీ ఎక్స్‌పైరీ. అప్పట్లో లాట్ 25. ఫలితాల ముందు కాబట్టి ప్రీమియంలు ఉబ్బి ఉన్నాయి, దూరపు పుట్‌లు మరీను. మార్కెట్ కాస్త దిగుతుంది గానీ కూలిపోదు అనుకున్నవాడి ముందు మూడు దారులు పెడతాను. ప్రీమియంలు మాత్రం నేను లెక్క సులువు కోసం వేసుకున్నవి, ఆ రోజు ట్రేడైన ధరలు కావు: 23,000 పుట్ 300, 22,500 పుట్ 170, 21,800 పుట్ 60.

మొదటి దారి 1×2 రేషియో. 23,000 పుట్ ఒకటి కొని, 22,500 పుట్‌లు రెండు అమ్మితే 40 పాయింట్లు చేతికి వస్తాయి. రెండోది మామూలు పుట్ స్ప్రెడ్. అవే స్ట్రైక్‌లు, ఒకటి కొని ఒకటే అమ్మడం, ఖర్చు 130 పాయింట్లు. మూడోది మొదటిదే, కాకపోతే అడుగున 21,800 పుట్ కూడా ఒకటి కొంటాం. 40 వచ్చి 60 పోతుంది కాబట్టి ఖర్చు 20 పాయింట్లు. దీన్ని బ్రోకెన్ వింగ్ బటర్‌ఫ్లై అంటారు.

ఎక్స్‌పైరీ రోజున ఒక్క లాట్‌కి లాభనష్టాలు, రూపాయల్లో:

| నిఫ్టీ ముగింపు | రేషియో | మామూలు స్ప్రెడ్ | బ్రోకెన్ వింగ్ |
|---|---|---|---|
| 23,400 | +1,000 | −3,250 | −500 |
| 22,500 | +13,500 | +9,250 | +12,000 |
| 21,960 | 0 | +9,250 | −1,500 |
| 21,281 | −16,975 | +9,250 | −5,500 |
| 20,500 | −36,500 | +9,250 | −5,500 |

పై రెండు వరుసలే చూస్తే రేషియోని కొట్టేది లేదు. మార్కెట్ పెరిగినా వెయ్యి వస్తుంది, మోస్తరుగా పడితే అన్నిటికంటే ఎక్కువ వస్తుంది. కానీ 21,960 కింద నిఫ్టీ దిగే ఒక్కో పాయింటుకీ లాట్‌కి 25 రూపాయలు పోతూనే ఉంటాయి, ఆగే చోటు లేదు. పుట్ కాబట్టి సూచీ సున్నా దగ్గర ఆగుతుందని వాదించొచ్చు, ఆ ఊరట ఎవరికి కావాలి? కాల్ రేషియోకి అదీ లేదు, పైకి హద్దే ఉండదు. మే 31 శుక్రవారం 22,530.70 దగ్గర ముగిసిన నిఫ్టీ, వారాంతంలో ఎగ్జిట్ పోల్స్ వచ్చాక సోమవారం 23,337.90 దగ్గర తెరుచుకుంది. ఆ ఎనిమిది వందల పాయింట్ల మధ్యలో పెట్టిన ఏ స్టాప్‌లాస్‌కైనా ధర పలికేది గ్యాప్ తర్వాతే.

ఇక జూన్ 4. నిఫ్టీ కొన్ని గంటల్లోనే 21,281 దాకా జారి, చివరికి 21,884.50 దగ్గర ముగిసింది. ఇండియా విక్స్ మధ్యలో 30 దాటింది. పై పట్టికలో కనబడని అసలు కష్టం ఇక్కడే ఉంది. ఆ పట్టిక ఎక్స్‌పైరీది. మంగళవారం మీ ఖాతాలో కనబడేది అది కాదు.

నిఫ్టీ దిగుతూ 22,500 తాకిన క్షణం తీసుకోండి. పట్టిక ప్రకారం అది రేషియోకి బంగారంలాంటి చోటు, 540 పాయింట్ల లాభం. కానీ ఎక్స్‌పైరీకి ఇంకా రెండు రోజులుంది, వోలటాలిటీ ఎగబాకింది. మనం అమ్మిన 22,500 పుట్ ఒక్కోటి సుమారు 300 పలుకుతుంది, కొన్న 23,000 పుట్ సుమారు 610. 610లోంచి 600 తీసేసి, మొదట వచ్చిన 40 కలిపితే మిగిలేది 50 పాయింట్లు. ఎక్కడ సంబరపడాలో అక్కడ చేతిలో దాదాపు ఏమీ లేదు. ఇంకో మూడు వందలు పడితే, ఎక్స్‌పైరీ గ్రాఫ్ ఇంకా లాభమే చూపిస్తున్నా ఖాతా నష్టంలోకి పోతుంది. కారణం సులువే. మార్కెట్ అమ్మిన స్ట్రైక్ దగ్గరికి వచ్చేసరికి టైమ్ వాల్యూ ఎక్కువగా అక్కడే పోగుపడుతుంది. అది మనకి ఎదురుగా రెండింతలు, మన వైపు అంతంతమాత్రం.

అదే సమయంలో నేకెడ్ లాట్‌కి మార్జిన్ పెరుగుతుంది. ఖాతాలో అదనంగా డబ్బు లేకపోతే బ్రోకర్ పొజిషన్ కోసేస్తాడు, అదీ కొనేవాడికీ అమ్మేవాడికీ ధరల తేడా బాగా పెరిగిపోయిన వేళ.

విచిత్రమేమిటంటే గురువారం నిఫ్టీ 22,821.40 దగ్గర ముగిసింది. చివరిదాకా ఉంచుకున్నవాడికి మన లెక్కలో రేషియో లాట్‌కి 5,465 రూపాయల లాభం ఇచ్చింది. బ్రోకెన్ వింగ్ 3,965, మామూలు స్ప్రెడ్ 1,215. అంటే మూడింట్లో రేషియోదే పైచేయి! అయితే మంగళవారం మధ్యలో తెంచేసుకోవాల్సి వచ్చిన వాడికీ, మార్జిన్ సరిపోయి కూర్చున్న వాడికీ ఉన్నది ఒకటే పొజిషన్. ఫలితాన్ని తేల్చింది మార్కెట్ మీద అంచనా కాదు, ఖాతాలో మిగిలిన నగదు. ఇలా గట్టెక్కినవాళ్లే తర్వాతి వారం లాట్లు పెంచుతారు, నాకు భయమేసేది అక్కడే.

నా ఓటు బ్రోకెన్ వింగ్‌కే. 20 పాయింట్ల ఖర్చుతో గరిష్ఠ నష్టం 5,500 దగ్గర ఆగుతుంది. మార్జిన్ కూడా బాగా తగ్గుతుంది, మధ్యాహ్నం ఫోన్ చూసి గుండె గుభేలుమనదు. ఒక తిరకాసు ఉంది. కొందరు బ్రోకర్లు దూరపు వీక్లీ స్ట్రైక్‌లను కొననివ్వరు, ముందే చూసుకోవాలి. మార్కెట్ గట్టిగా పడుతుందనే నమ్మకం ఉంటే మాత్రం మామూలు స్ప్రెడ్ చాలు, 21,281 వరుసలో తొమ్మిది వేల లాభం దానికే వచ్చింది. ఉత్త రేషియో వేయాలనిపిస్తే దాన్ని 22,500 దగ్గర ఒక లాట్ నేకెడ్ పుట్ అమ్మకంగా లెక్కగట్టండి. నిఫ్టీ పది శాతం పడితే ఎంత పోతుందో రూపాయల్లో రాసుకోండి. 23,264లో పది శాతం పోతే 20,938, అక్కడ లాట్‌కి నష్టం సుమారు 25,500. పది లాట్లకి రెండున్నర లక్షలు. ఆ డబ్బు పొజిషన్ మార్జిన్‌కి బయట, నగదుగా ఉందా అన్నదే ప్రశ్న.

ఆర్డర్ల వరుస కూడా ముఖ్యమే. బ్రోకెన్ వింగ్ వేసేటప్పుడు ముందు 23,000, 21,800 పుట్‌లు రెండూ కొని తర్వాత అమ్మండి, లేకపోతే మొదట పూర్తి నేకెడ్ మార్జిన్ అడుగుతుంది. బయటికొచ్చేటప్పుడు తిరగేసి, అమ్మినవాటిని ముందు వెనక్కి కొనండి. 21,800 పుట్‌లో నాలుగు డబ్బులు కనబడుతున్నాయని దాన్ని ముందు అమ్మేశారంటే, మిగిలేది మళ్లీ ఆ మొదటి దారే.