బాకీ అడిగే ఉత్తరం: సారీలు తీసేస్తే చాలా?

మా పిన్ని కూతురు రాజమండ్రిలో ఉంటూ సబ్‌టైటిల్స్ రాసే పని మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీకి 12 శిక్షణ వీడియోలు చేసి ఏప్రిల్ 30న ఇచ్చేసింది. వీడియోకి 1,500 చొప్పున 18,000 రూపాయలు. మే 2న ఇన్‌వాయిస్ పంపింది, 15 రోజుల గడువు అందులోనే రాసింది. మే 29 దాకా డబ్బు రాలేదు. అప్పుడు ఈ మెయిల్ రాసి, "అక్కా, పంపేయనా?" అని నాకు చూపించింది.

"నమస్తే సార్, మిమ్మల్ని డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించండి. మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు. అడగడానికి నాకే మొహమాటంగా ఉంది, కానీ ఆ సబ్‌టైటిల్స్ పేమెంట్ సంగతి వీలైతే ఒకసారి చూడగలరా? తొందరేం లేదు సార్, మీకు కుదిరినప్పుడే. ఇంటి అద్దె కట్టాల్సి ఉంది, అందుకే అడగాల్సి వచ్చింది. తప్పుగా అనుకోకండి. సారీ సార్."

పక్కనే ఉన్న వాళ్ల అన్నయ్యకు ఇది చదివి ఒళ్లు మండింది. తను ఇంకోటి రాసిచ్చాడు.

"సార్, గడువు దాటి 12 రోజులైంది. మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పని చేయించుకునేటప్పుడున్న తొందర డబ్బులిచ్చేటప్పుడు లేదా? ఈ సాయంత్రంలోపు వేయకపోతే మేం చేయాల్సింది మేం చేస్తాం."

రెండూ పంపొద్దన్నాను. రెండోదాని సంగతి తేలిక. సాయంత్రంలోపు డబ్బు పడకపోతే తను ఏం చేస్తుంది? ఏమీ లేదు. చేయలేని బెదిరింపు చేస్తే మన దగ్గర ఏమీ లేదని మనమే చెప్పినట్టు. పైగా ఆ మెయిల్ చదివే ప్రాజెక్ట్ మేనేజర్ చేతిలో డబ్బు ఉండదు. అతను అకౌంట్స్ వాళ్లకు చెప్పి ఇప్పించాలి. మన తరఫున మాట్లాడాల్సిన మనిషినే దెప్పితే ఎలా?

మొదటిదే ఎక్కువసేపు చూడాల్సింది, ఎందుకంటే కొత్తవాళ్లు నూటికి తొంభై మంది రాసేది అదే. నేను చెప్పకముందే మా చెల్లి క్షమించండి, మొహమాటం, సారీ అన్నీ కొట్టేసి మళ్లీ చూపించింది. మిగిలింది ఇది:

"నమస్తే సార్, సబ్‌టైటిల్స్ పేమెంట్ సంగతి వీలైతే ఒకసారి చూడగలరా? తొందరేం లేదు, మీకు కుదిరినప్పుడే. ఇంటి అద్దె కట్టాల్సి ఉంది."

చదవడానికి బాగానే ఉంది, కానీ ఫలితంలో మొదటిదానికీ దీనికీ తేడా ఉండదు. అసలు నష్టం చేసేది సారీ కాదు, "తొందరేం లేదు" అన్న మాట. మే 17 గడువు అని ఇన్‌వాయిస్‌లో రాసిన మనిషే ఆ గడువును రద్దు చేసేసింది. "కుదిరినప్పుడే" అన్నాక వాళ్లకు జూలైలో కుదిరినా మనం కాదనలేం. ఇక అద్దె సంగతి. అవసరం చెప్పగానే రావాల్సిన డబ్బు కాస్తా సాయం అయిపోతుంది. చదివే మనిషికి జాలి కలగొచ్చు, కానీ ఇచ్చే తేదీ ఖాయం కాదు. మరుసటి నెల అద్దె కట్టేసి ఉంటే అప్పుడు ఏం చెప్పి అడుగుతుంది?

"సంగతి ఒకసారి చూడగలరా?" అన్నదీ అంతే. "చూస్తాను" అని ఒక్క మాట రాస్తే ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే. ఆ తర్వాత మళ్లీ అడగాలంటే ఇంకో నాలుగు సారీలు కావాలి.

అయినా మనకు మర్యాద కోసం సారీలు అరువు తెచ్చుకోవాల్సిన పనేముంది? "మీరు" లోనూ, "చెప్పండి"లో చివరనున్న "అండి"లోనూ ఆ మర్యాద ముందే ఉంది. "తేదీ తెలియజేయండి" అంటే అందులో ఎక్కడా కరుకుదనం లేదు, బతిమాలడమూ లేదు. ఇద్దరం కూర్చుని రాసింది ఇది:

"నమస్తే సార్. 12 శిక్షణ వీడియోల తెలుగు సబ్‌టైటిల్స్ ఏప్రిల్ 30న అందజేశాను. ఆ పనికి మే 2న పంపిన 7వ నంబరు ఇన్‌వాయిస్ మొత్తం 18,000 రూపాయలు, గడువు మే 17. ఆ మొత్తం ఇంకా నా ఖాతాలో జమ కాలేదు. ఇన్‌వాయిస్ మళ్లీ జత చేశాను. ఏ తేదీన పంపుతారో జూన్ 3, మంగళవారంలోపు తెలియజేయండి. అకౌంట్స్ వారికి నా నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలంటే చెప్పండి, వెంటనే పంపుతాను. ధన్యవాదాలు."

"మీరు ఇవ్వలేదు" అనకుండా "జమ కాలేదు" అన్నాం. నిజం అదే, ఎవరినీ వేలెత్తి చూపడమూ లేదు. "ఎప్పుడైనా పంపుతారా" అనకుండా "ఏ తేదీన" అన్నాం, కాబట్టి జవాబులో ఒక తేదీ ఉండి తీరాలి. సోమవారం బదులు మంగళవారం పెట్టింది జూన్ 2 తెలంగాణ అవతరణ దినోత్సవం కాబట్టి. ఆఫీసు మూసి ఉండే రోజును గడువుగా పెడితే ఆ గడువుకు విలువ ఉండదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఈ మెయిల్‌ను మేనేజర్ ఉన్నది ఉన్నట్టుగా అకౌంట్స్ వాళ్లకు ఫార్వర్డ్ చేయొచ్చు. నంబరు, మొత్తం, తేదీలు, ఇన్‌వాయిస్ అన్నీ అందులోనే ఉన్నాయి. మొదటిదాన్ని ఫార్వర్డ్ చేస్తే అకౌంట్స్‌లో కూర్చున్నవాళ్లకు ఒక అమ్మాయి అద్దె కష్టం తప్ప ఏం అర్థమవుతుంది? ఏ ఇన్‌వాయిస్ అని అడుగుతూ వాళ్లు తిరిగి రాసేసరికి మరో వారం పోతుంది.

అలాగని సారీ ఎప్పుడూ రాయకూడదని కాదు. ఖాతా నంబరు తప్పు ఇచ్చినా, ఇన్‌వాయిస్ మనమే ఆలస్యంగా పంపినా ఒకసారి చెప్పాలి, ఒక్కసారే. గడువు దాటి రెండు మూడు రోజులే అయి, పాత క్లయింట్ అయితే ఇంత పొడుగు మెయిల్ కూడా అక్కర్లేదు, ఇన్‌వాయిస్ నంబరు రాసి "అందిందా అండి?" అంటే సరిపోతుంది.

రెండు మెయిళ్లకూ జవాబు రాకపోతేనే గొంతు పెంచాలి. అప్పుడు కూడా అన్నయ్య రాసిన తీరులో కాదు. పని ఇచ్చేనాటికే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు, చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఆసరాగా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ కట్టాలి. ఆ సంగతి ఒక్క వాక్యంలో, తేదీలతో, అదే "అండి"తో రాస్తే చాలు. కానీ మొదటి మెయిల్‌లోనే చట్టం ఎత్తొద్దు. చాలా ఆలస్యాలు ఎవరి టేబుల్ మీదో ఆగిపోయిన కాగితాల వల్లే జరుగుతాయి.

ఇక్కడ జరిగిందీ అదే. మర్నాడే జవాబు వచ్చింది. పాన్ కాపీ లేదని ఇన్‌వాయిస్ పక్కన పెట్టారట, పంపితే జూన్ 5న వేస్తామన్నారు. మా చెల్లి "అయ్యో సారీ సార్, నాకు తెలియక" అని మొదలుపెట్టబోయి ఆగింది. పాన్ కాపీ కావాలని వాళ్లు అంతకుముందు ఎప్పుడూ అడగలేదు మరి. కాసేపు ఆలోచించి తనే ఇలా రాసింది: "పాన్ కాపీ జత చేశాను. జూన్ 5న 18,000 రూపాయలు జమ అవుతాయని నోట్ చేసుకున్నాను. ధన్యవాదాలు సార్."