తప్పు దొర్లకుండా పాఠం: వేదపాఠశాల, బొలోన్యా

వేదపాఠశాలలో పాఠానికి పుస్తకం ఆధారం కాదు, చెవి ఆధారం. గురువు చెప్పింది శిష్యులు పదేపదే చెబుతారు. దీన్నే సంత అంటాం. ఆ తర్వాత జట. ‘అగ్నిం’, ‘ఈళే’ అనే రెండు పదాలుంటే ఒకటి-రెండు, రెండు-ఒకటి, మళ్లీ ఒకటి-రెండు అని జడలా అల్లుతూ చెప్పాలి. ఒక్క పదం జారినా అల్లిక అక్కడే తెగుతుంది, పక్కవాడికి వెంటనే తెలిసిపోతుంది. అక్షరాన్ని నిలబెట్టడంలో నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది. కాకపోతే ఏళ్లు పడుతుంది, అర్థం విడిగా నేర్చుకోవాలి.

13వ శతాబ్దంలో ఇటలీలోని విశ్వవిద్యాలయ నగరం బొలోన్యాలో న్యాయశాస్త్ర విద్యార్థికి పుస్తకమే దిక్కు. పుస్తకాల వ్యాపారి మూలప్రతిని విడి కట్టలుగా, నకలు రాసుకోవడానికి అద్దెకిచ్చేవాడు. ఒకరు మొదటి కట్ట రాసుకుంటుంటే ఇంకొకరు రెండోది తీసుకెళ్లేవారు. పని త్వరగా అయ్యేది. కానీ మూలంలో తప్పుంటే ప్రతి నకలులోకీ పాకేది, అందుకే ఆ కట్టలను తనిఖీ చేయించేవారు.