ఒకే మిల్లు, రెండు తరుగుదల లెక్కలు: స్థిర వాయిదాలా, తగ్గుతున్న నిల్వలా?

గుణుపురంలో ఒక రైస్ మిల్లు యజమాని 1,80,000కు యంత్రం కొని, బిగింపుకు 20,000 ఇచ్చాడనుకుందాం. ఖరీదు 2,00,000, బిగింపు ఖర్చును వదిలేయకూడదు. జీవితకాలం 10 ఏళ్లు, తుక్కు విలువ 20,000.

స్థిర వాయిదాల పద్ధతిలో తుక్కు తీసేసి పదితో భాగిస్తే తరుగుదల ఏటా 18,000. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఏటా మిగిలిన విలువపై 20 శాతం చొప్పున 40,000, 32,000, 25,600 వస్తాయి. ఇక్కడ తుక్కు విలువ ముందే తీసేయకూడదు. పరీక్షలో ఎక్కువమంది జారేది ఇక్కడే.

పద్దులు రెండింటికీ ఒకటే, అంకెలే వేరు. మొదటి ఏడాది స్థిర వాయిదాల్లో:

తరుగుదల ఖాతా డె. 18,000
   యంత్రం ఖాతాకు 18,000

లాభనష్టాల ఖాతా డె. 18,000
   తరుగుదల ఖాతాకు 18,000

రెండో పద్ధతిలో 18,000 బదులు 40,000 రాస్తే చాలు.

అసలు తేడా అమ్మినప్పుడు బయటపడుతుంది. మూడేళ్ల చివర, ఆ ఏడాది తరుగుదల కూడా రాశాక, యంత్రాన్ని 1,20,000కు అమ్మితే, మొదటి పద్ధతిలో పుస్తక విలువ 1,46,000 కాబట్టి 26,000 నష్టం. రెండోదాంట్లో పుస్తక విలువ 1,02,400, అంటే 17,600 లాభం! ఆ లాభం పద్దు:

యంత్రం ఖాతా డె. 17,600
   లాభనష్టాల ఖాతాకు 17,600

చేతికొచ్చిన డబ్బు మాత్రం రెండింట్లోనూ అంతే. రిపేర్లు ఏటా పెరిగే మిల్లు యంత్రానికి నా ఓటు రెండోదానికే. లీజుకైతే మొదటిదే నయం.