ఉద్వాడాలో ఆరువందల రూపాయల దర్శనం

గుజరాత్‌లో పార్సీల పుణ్యక్షేత్రమైన ఉద్వాడా వెళ్ళదలచిన తెలుగువారికి అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అక్కడ ఇరాన్‌షా అని పిలిచే పవిత్రాగ్నిని జొరాస్ట్రియన్లు, అంటే మన దేశంలోని పార్సీలు, ఇరానీలు తప్ప మరెవ్వరూ చూడలేరు. డబ్బిచ్చినా చూడలేరు, సిఫారసు పట్టుకుని వెళ్ళినా చూడలేరు. ఈ సంగతి నాకు సగం తెలిసే, వాపి స్టేషను బయట ఒక కారు డ్రైవరు చెప్పిన మాటలు నమ్మి, మనిషికి రెండు వందల చొప్పున ముగ్గురికీ ఆరువందల రూపాయలు అతని చేతిలో పోశాను. లోపలి అర్చకుడు తనకు బాగా తెలుసని, ఉదయం పూట జనం ఉండరని, అయిదు నిమిషాలలో చూపించి బయటికి తెస్తానని అతను చెప్పాడు. కారు బాడుగ పదకొండు వందలు దీనికి అదనం.

గుడి ముందు దిగేసరికి గేటు పక్కన బోర్డు కనిపించింది. పార్సీలు, ఇరానీ జొరాస్ట్రియన్లకు మాత్రమే ప్రవేశమని దాని మీద స్పష్టంగా రాసి ఉంది. డ్రైవరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని సందు మలుపు తిరిగాడు. మళ్ళీ కనిపించలేదు, ఫోను కూడా పలకలేదు. మా అత్తగారు దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆవిడ ఎండలో గోడ పక్కన నిలబడి నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ వర్ణించబోను. మా ఆవిడ మాత్రం, "బోర్డు చదవడం వచ్చిన మనిషి డ్రైవరును ఎందుకు అడిగారు?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంది.

అక్కడ మాకు మొదటి ఊరట గుడి దారిలో గంధపు చెక్కలు అమ్ముకునే ఒక పెద్దావిడ దగ్గర దొరికింది. వచ్చిన దారిలో ఏదో ఒకటి సమర్పించి పోదామని నేను వేలెడంత సుఖడ్ ముక్క ధర అడిగాను. గంధపు చెక్కను వారు సుఖడ్ అంటారు. ఆవిడ నూరు రూపాయలని చెప్పి, మేము పార్సీలమా అని అడిగి, కాదని తెలిశాక ముక్కను తిరిగి గాజు డబ్బాలో పెట్టేసింది. "మీరు దాన్ని లోపలికి పంపలేరు, ఇంటికి తీసుకుపోతే బీరువాలో పడి ఉంటుంది, మీ డబ్బు నాకెందుకు?" అని హిందీలో చెప్పింది. ఆ రోజు చేతికి అందిన నూరు రూపాయలను వద్దన్న మనిషి ఆవిడ ఒక్కతే. బస సంగతి కూడా ఆవిడే చెప్పింది. ఊరిలో కొన్ని ధర్మశాలలు పార్సీలకే పరిమితం కాబట్టి, గది ఇస్తారో లేదో ముందుగా ఫోను చేసి అడగకుండా ఎవరూ సామాను మోసుకుంటూ వెళ్ళకూడదు.

మేము దిగిన బస పాతకాలపు పెంకుటిల్లు. గది రెండు వేల రెండు వందలు. మంచం కిర్రుమంటుంది, వేడినీళ్ళు బకెట్టుకు ఇంతని లెక్కపెట్టి ఇస్తారు, దుప్పటి మాత్రం ఎండలో ఆరిన వాసన వేస్తుంది. వసతి గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు. భోజనం మాత్రం మరచిపోలేము. మనిషికి నాలుగు వందల యాభై తీసుకుని, అత్తగారికి వేరుగా పలచని కందిపప్పు, అన్నం, ఆ ఊరి అప్పడాలు పెట్టారు. మాకు చేప కూర పెట్టారు. ఆ చేప పేరు బోయ్. అగ్నికి రోజుకు అయిదు పూటలా చేసే సేవ పేరు కూడా బోయ్. ఈ విషయం మాకు చెప్పినవారు బల్లకు అవతలి వైపు కూర్చుని భోంచేస్తున్న ఒక వృద్ధుడు. చాలా ఏళ్ళు అర్చకత్వం చేసి మానుకున్న ఆయన మాతో గడిపిన గంటన్నర సేపటి కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆకలి తీరాక మా అత్తగారికి ధైర్యం వచ్చింది. "మీరు అగ్నిని దేవుడని కొలుస్తారు కదా?" అని నా చేత హిందీలో అడిగించారు. ఆయన నవ్వి, "మాతాజీ, మేము అగ్నికి ఎదురుగా నిలబడతాము, ప్రార్థించేది మా దేవుడు అహురమజ్దాను" అన్నారు. వారి మతంలో సత్యానికీ, ధర్మానికీ, లోకపు క్రమానికీ కలిపి అష అని పేరు. అగ్ని ఆ అషకు కంటికి కనిపించే రూపం. దానిని మనుషులు మలినం చేయగలరు గనుకనే అంత కాపలా అని ఆయన వివరించారు. సేవ చేసే అర్చకుడు ఊపిరి, ఉమ్మి తుంపర తగలకుండా ముక్కూ నోరూ కప్పే తెల్లని గుడ్డ కట్టుకుంటాడు. దానిని పదాన్ అంటారు. ఈ మాట వినగానే మా అత్తగారు, దీపాన్ని నోటితో ఊది ఆర్పకూడదని తమ ఇంట్లో కూడా చెప్పేవారని గుర్తు చేసుకుని, మొదటిసారి ఆ ఊరితో కొంత రాజీపడినట్టు కనిపించారు.

రెండో ప్రశ్న కూడా ఆవిడదే, అది ఇంకా సూటిగా ఉంది. శవాన్ని కాల్చితే అగ్ని మైలపడుతుందని పార్సీలు దహనం చేయరు కదా, మరి ఇంత పవిత్రమైన అగ్నిని ఎక్కడి నుంచి తెచ్చారు? ఆయన చెప్పిన జవాబు విని మేము ముగ్గురమూ చేతులు ఆరిపోయేదాకా బల్ల దగ్గరే కూర్చున్నాము. ఇరాన్‌షా వంటి అత్యున్నత శ్రేణి అగ్నిని అతాష్ బెహ్రామ్ అంటారు. దానిని పదహారు చోట్ల నుంచి తెచ్చిన పదహారు అగ్నులను కలిపి ప్రతిష్ఠిస్తారు. కుమ్మరి ఆవము, కమ్మరి కొలిమి, కంసాలి కుంపటి, రొట్టెలు కాల్చేవాని పొయ్యి, రంగులు అద్దేవాని పొయ్యి, పిడుగు పడి అంటుకున్న మంట, ఇవన్నీ అందులో ఉంటాయి. శవదహనం జరిగిన చితి మంట కూడా వాటిలో ఒకటి. అన్నిటికంటే ఎక్కువగా మైలపడిన అగ్ని అదే గనుక, అన్నిటికంటే ఎక్కువసార్లు శుద్ధి చేయవలసినదీ అదే. ఎన్నిసార్లని అడిగితే తొంభై ఒక్కసార్లని చెప్పారు.

శుద్ధి ఎలా చేస్తారో చూపించడానికి ఆయన వంటావిడను పిలిచి చిల్లుల గరిటె తెప్పించారు. స్టీలు గ్లాసును చితిమంట అనుకోమన్నారు. గరిటెలో గంధపు పొడి, సన్నని చెక్క పేళ్ళు ఉన్నాయనుకోమని చెప్పి, దానిని గ్లాసుకు తగలకుండా కొంచెం ఎత్తులో పట్టుకున్నారు. కింది మంట గరిటెను ముట్టుకోకూడదు. వేడి మాత్రమే చిల్లుల గుండా పైకి వచ్చి, పొడి తనంతట తాను రాజుకోవాలి. అలా పుట్టిన మంట రెండవది. దాని పైన మళ్ళీ గరిటె పట్టి మూడవదానిని పుట్టిస్తారు, వెనుకటిది ఆరిపోతుంది. చితిని తాకిన కట్టె, బూడిద, నిప్పురవ్వ ఏదీ తరువాతి దానిలోకి రాదు, వేడి ఒక్కటే వస్తుంది. ఇలా తొంభై ఒక్కసార్లు చేశాక మిగిలే మంటను మిగతా పదిహేనింటితో కలపడానికి పనికివచ్చేదిగా భావిస్తారు. మిగతావాటికీ వాటి వాటి లెక్కలు ఉన్నాయి. ముప్ఫై ఇద్దరు అర్చకులు కావాలి, పని పూర్తి కావడానికి ఏడాది దాకా పట్టవచ్చు. ఇటువంటి అగ్నులు ఇండియాలో ఎనిమిది, ఇరాన్‌లోని యజ్ద్‌లో ఒకటి, మొత్తం తొమ్మిదే ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

అగ్ని పవిత్రతకూ, వారు నిత్యం చెప్పే మంచి ఆలోచన, మంచి మాట, మంచి పని అనే మూడింటికీ సంబంధమేమిటని నేను అడిగాను. ఆయన గ్లాసును దగ్గరికి లాక్కుని చెంచాతో టంగుమని కొట్టి "దుష్మత" అన్నారు. మళ్ళీ కొట్టి "దుజూఖ్త" అన్నారు, మూడోసారి కొట్టి "దుజ్వర్ష్త" అన్నారు. చెడు ఆలోచన, చెడు మాట, చెడు పని అని అర్థం. బోయ్ సేవలో అర్చకుడు ఈ మాటలు వచ్చినచోట గంట కొట్టి, వాటిని అగ్ని సన్నిధి నుంచి తరిమివేస్తాడు. రోజుకు అయిదు పూటలలో ఇది తప్పనిసరి. వీటికి ఎదురుగా నిలిచేవి హుమత, హూఖ్త, హ్వర్ష్త. మన సంస్కృతంలోని "స" వారి అవెస్తా భాషలో చాలాచోట్ల "హ" అవుతుంది గనుక, హూఖ్త అంటే మన సూక్తమే, హుమతలో ఉన్నది సుమతిలోని "సు", "మతి" అనే ముక్కలే. హిందీలో మొదలైన సంభాషణలో ఇంటి మాట ఒకటి దొరికినట్టయింది.

ఆయన చొక్కా కింద పలచని తెల్లని లోపలి అంగీ ఉంది. దాని పేరు సుద్రె. మెడ కింద రూపాయి బిళ్ళ పట్టేంత చిన్న జేబు చూపించి, పుణ్యకార్యాలు దాచుకునే సంచి ఇదేనని, సాయంత్రానికి ఇందులో ఏమి పడిందో చూసుకోవాలని చెప్పారు. నడుముకు కట్టుకునే కుస్తీ గొర్రెపిల్ల ఉన్నితో, డెబ్బై రెండు పోగులతో నేసిన దారం. దానిని నడుము చుట్టూ మూడుసార్లు తిప్పేటప్పుడు ఆ మూడు మాటలు తలచుకోవాలి. మా అత్తగారు ఆ జేబును చాలాసేపు చూసి, "మరీ చిన్నదిగా ఉందే" అన్నారు. ఆయనకు తెలుగు రాదు, నేను అనువదించలేదు.

మరునాడు సంజాన్ వెళ్ళి, ఇరాన్ నుంచి వచ్చిన పార్సీల స్మారకంగా 1920లో కట్టిన స్తంభం చూసి వచ్చాము. ఆటోకు రానూపోనూ తొమ్మిది వందలు, ఎండ తప్ప ఇబ్బంది లేదు. ఇరాన్‌షా అగ్ని అక్కడే మొదలై, దాడులకు భయపడి బహ్రోట్ గుహలలో పన్నెండేళ్ళు దాగి, నవ్‌సారి వంటి ఊళ్ళు తిరిగి 1742లో ఉద్వాడా చేరింది. ఇప్పుడున్న గుడి 1894 నాటిది. నాకు తోచిన సలహా ఏమిటంటే, ఉద్వాడాకు అగ్నిని చూడడానికి వెళ్ళకండి. ఊరి వీధులు, అక్కడి ప్రదర్శనశాల చూసి, తీరిక ఉన్న పెద్దవారితో మాట్లాడడానికి వెళ్ళండి. ఒక రాత్రి చాలు. వాపిలో దిగి, ఊరు దాకా మాత్రమే కారు మాట్లాడుకోండి. ఉద్వాడా అనే పేరుతో రైల్వే స్టేషను కూడా ఉంది గానీ, ఊరు దానికి చాలా దూరం. సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డులో 1847లో కట్టిన పార్సీల అగ్ని దేవాలయం, అంటే అగ్యారీ, ముందు నుంచి నేను ముప్ఫై ఏళ్ళుగా వెళ్తున్నాను, దాని గేటు దగ్గర కూడా ఇటువంటి నియమమే ఉంటుందని తెలుసుకోవడానికి ఇంత దూరం పోవలసి వచ్చింది.

తిరుగు రైలులో లెక్కలు చూసుకుంటుండగా ఆరువందల దగ్గర నా చేయి ఆగింది. దానిని ఏ పద్దు కింద రాయాలని మా ఆవిడను అడిగాను. కిటికీ పక్కన నిద్రపోతున్నారనుకున్న అత్తగారు కళ్ళు తెరవకుండానే, "ఆ డ్రైవరును తొంభై ఒక్కసార్లు గరిటెలో పెట్టినా చాలదు" అన్నారు.